ఏసీ ధరకు కాపలా పెట్టేటప్పుడు

కడప
చిరంజీవి మేనల్లుడికి, మామయ్య ఆశీస్సులు.

ఒకటిన్నర టన్నుల ఏసీ ధర 31,000 రూపాయలకు దిగితే మోగేలా, పాత ధరల గ్రాఫ్ చూపించే Keepaలో అలర్ట్ పెట్టానని రాశావు. ఆ అంకె ఎక్కడ దొరికిందో నువ్వు పంపిన గ్రాఫ్‌లోనే కనిపించింది. ఒకే ఒక్క రోజు సూదిమొనలా కిందికి దిగి మళ్లీ లేచిన ధర అది. ఎవరో కొత్త అమ్మకందారు పెట్టిన ధరో, తప్పుగా ఎక్కించినదో అయి ఉంటుంది. దాని కోసం కూర్చుంటే ఎండాకాలం గడిచిపోతుంది. ధర కొన్ని రోజులైనా నిలబడిన చోటునే కనిష్ఠంగా లెక్కపెట్టు. Keepa అమెజాన్ ధరలు మాత్రమే చూపిస్తుంది. అందులో New అనే గీతను చూడు, వాడిన సరుకు గీతను వదిలెయ్యి.

ఇంకో మెలిక ఉంది. ఏసీల మీద జీఎస్టీ 2025 సెప్టెంబరు 22న 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. అంతకు ముందటి ధరలను నేటి ధరలతో నేరుగా పోల్చకూడదు. నీ గ్రాఫ్‌లో పాత పండగ అమ్మకాల్లో నిలబడిన ధర 38,400. దాన్ని 1.28తో భాగిస్తే పన్ను లేని ధర 30,000 వస్తుంది, 1.18తో గుణిస్తే 35,400. అంటే ఈరోజు 38,400కు దొరికితే అది పాత కనిష్ఠమే కదా అని మురిసిపోవద్దు, 3,000 ఎక్కువ ఇస్తున్నట్టే. అలర్ట్ 36,000 దగ్గర పెట్టు. సరిగ్గా 35,400 అని పెడితే యాభై రూపాయల తేడాతో మోగకుండా పోవచ్చు.

మోడల్ నంబరు చివరి అక్షరం దాకా సరిచూడు. పేరు ఒకటే అయినా ఏడాది మారితే నంబరు మారుతుంది, స్టార్ లేబుల్ కూడా మారవచ్చు. పాత సరుకును తగ్గించి అమ్ముతున్నారేమో అక్కడే తెలుస్తుంది. కొట్టేసి చూపించే ఎంఆర్‌పీని నేనైతే చూడను.

అలర్ట్ మోగగానే డబ్బు కట్టెయ్యకు. ముందు 516001 పిన్‌కోడ్ వేసి చూడు. హైదరాబాద్‌కు చూపించిన ధర మన ఊరికి రాకపోవచ్చు, కొన్నిసార్లు డెలివరీయే ఉండదు. కార్డు తగ్గింపు గ్రాఫ్‌లోకి ఎక్కదు, బిగింపు ఖర్చూ ఎక్కదు. నీ లెక్కే తీసుకుందాం: 36,000కు బిగింపు 1,500, స్టాండు 800 కలిపితే 38,300. కార్డు తగ్గింపు 1,500 పోతే 36,800. రాగి పైపు కంపెనీ ఇచ్చిన పొడవు చాలకపోతే మీటరు లెక్కన అదనం. మీ మేడమీద గదికి తప్పకుండా చాలదు, టేపు పెట్టి కొలిచి చెప్పు.

ఆ 36,800ను కాగితం మీద రాసుకుని మన ఊరి దుకాణానికి వెళ్లు. వాళ్లు బిగింపు, స్టాండుతో కలిపి 38,000 అన్నారన్నావు కదా, అదే మోడల్ నంబరు చూపించి అడుగు. ఐదారు వందల తేడాలోకి దిగితే అక్కడే కొను. చెడిపోతే నిలదీయడానికి మనిషి ఉంటాడు. దిగకపోతే ఆన్‌లైన్‌లో కొను, బిల్లు మీద సీరియల్ నంబరు ఉందో లేదో పెట్టె విప్పకముందే చూసుకో.

మీ మామయ్య