దుబాయ్ ఉద్యోగానికి డిగ్రీ: నోటరీ, అటెస్టేషన్, లీగలైజేషన్‌లో ఏది కావాలి?

ప్రశ్న: మాది గుంటూరు. మా తమ్ముడికి దుబాయ్‌లో ఉద్యోగం వచ్చింది, బీటెక్ డిగ్రీ అటెస్ట్ చేయించి తెమ్మన్నారు. కోర్టు దగ్గర నోటరీ చేయిస్తే సరిపోతుందా? ఒక ఏజెంటు అపోస్టిల్ అంటున్నాడు, ఇంకొకరు లీగలైజేషన్ అంటున్నారు. తేడా ఏంటండీ?

జవాబు: నోటరీ సరిపోదండి. నోటరీ గారు చెప్పగలిగేది రెండే: ఈ జిరాక్స్ ఒరిజినల్‌తో సరిపోయింది, లేదా ఈ మనిషి నా ఎదుటే సంతకం పెట్టాడు. డిగ్రీ అసలుదా కాదా అన్నది ఆయన పని కాదు. అఫిడవిట్‌కీ పవర్ ఆఫ్ అటార్నీకీ నోటరీ కావాలి, డిగ్రీకి అక్కర్లేదు.

అటెస్టేషన్ అంటే కింది సంతకం నిజమేనని పైఅధికారి ధ్రువీకరించడం. యూనివర్సిటీ సంతకాన్ని రాష్ట్ర విద్యాశాఖ ధ్రువీకరిస్తుంది, విద్యాశాఖ అధికారి సంతకాన్ని ఢిల్లీలోని విదేశాంగ శాఖ ధ్రువీకరిస్తుంది. విదేశాంగ శాఖ తన దగ్గర నమూనా ఉన్న సంతకాలనే పోల్చి చూస్తుంది. గుంటూరు నోటరీ సంతకం వాళ్ల దగ్గర ఉండదు. అందుకే నోటరీ ముద్ర ఒక్కటే ఉన్న కాగితం తిరిగొస్తుంది.

ఆ తర్వాత దారి దేశాన్ని బట్టి మారుతుంది. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశమైతే విదేశాంగ శాఖ అపోస్టిల్ అనే ధ్రువీకరణ పత్రాన్ని అతికిస్తుంది, ఎంబసీ మెట్టు ఉండదు. మన దేశానికి ఆ ఒప్పందం 2005 జూలై నుంచి అమల్లో ఉంది. అపోస్టిల్ మీద పది అంశాలుంటాయి. రెండోదాని ఎదుట సంతకం చేసిన అధికారి పేరు చూడండి, అపోస్టిల్ నిజమని చెబుతున్నది ఆ సంతకాన్నే. మార్కులూ సిలబస్సూ దాని పరిధిలోకి రావు.

యూఏఈ ఆ ఒప్పందంలో లేదు. కాబట్టి మీ తమ్ముడికి లీగలైజేషన్ కావాలి: విద్యాశాఖ, విదేశాంగ శాఖ అటెస్టేషన్, యూఏఈ ఎంబసీ, అక్కడికి వెళ్లాక వాళ్ల విదేశాంగ శాఖ ముద్ర. ఈ వరస తప్పితే పై మెట్టు వాళ్లు తీసుకోరు. అపోస్టిల్ చాలన్న ఏజెంటుకు డబ్బు కట్టకండి. అదే ఉద్యోగం సౌదీలో అయితే అపోస్టిల్‌తో సరిపోయేది, వాళ్లు 2022లో చేరారు.

విదేశాంగ శాఖ కాగితాలను నేరుగా తీసుకోదు, తాను నియమించిన ఏజెన్సీల ద్వారానే తీసుకుంటుంది. అపోస్టిల్‌కు ప్రభుత్వ రుసుము 50 రూపాయలే, సర్వీసు చార్జీ వేరు. ఏజెంటు వేలల్లో అడిగితే ఏ మెట్టుకు ఎంతో విడివిడిగా రాయించుకోండి.

ఇచ్చే ముందు డిగ్రీని ఒకసారి చూసుకోండి. ముద్రలు ఒరిజినల్ వెనకవైపే పడతాయి కాబట్టి లామినేషన్ చేయించి ఉంటే చిక్కే. ఇంట్లో ఊడదీస్తే అక్షరాలు లేచిపోతాయి, యూనివర్సిటీలో డూప్లికేట్‌కి దరఖాస్తు పెట్టుకోవడం మేలు. ఇంకోటి, డిగ్రీలో ఇంటిపేరు పొడక్షరంగా, పాస్‌పోర్టులో పూర్తిగా ఉంటే ముందే కంపెనీకి చెప్పి, వాళ్లు ఏం అడుగుతారో రాతపూర్వకంగా తీసుకోండి. అన్ని ముద్రలూ పడ్డాక పేరు దిద్దించుకుంటే కొత్త డిగ్రీతో మళ్లీ మొదటి మెట్టు నుంచే రావాలి.