లోడింగ్ ఫీజు సున్నా సరే, డాలరు రేటు ఎంత వేశారు?

ప్రశ్న: ఆగస్టులో ఎంఎస్ కోసం డాలస్ వెళ్తున్నాను. దారిలో రెండు రోజులు దుబాయ్‌లో మా బాబాయి వాళ్లింట్లో ఆగుతాను. బ్యాంకులో ముందే డాలర్లు నింపుకునే ఫారెక్స్ కార్డు తీసుకోమంటున్నారు, అలా నింపడానికి తీసుకునే లోడింగ్ ఫీజు కూడా లేదట. మా అన్నయ్యేమో ఉన్న డెబిట్ కార్డే అక్కడా పనిచేస్తుంది, ఇంకో కార్డు దండగ అంటున్నాడు. మొదటి ఖర్చులకు 2,000 డాలర్లు అనుకుంటున్నాను. ఏది మేలు?
– ఒక విద్యార్థి, వరంగల్

జవాబు: రెండూ వెంట ఉంచుకోండి. ఖర్చు మాత్రం ఫారెక్స్ కార్డుతో చేయండి, డెబిట్ కార్డును అత్యవసరానికి దాచుకోండి. అయితే ఫారెక్స్ కార్డు ఎక్కడ తీసుకోవాలన్నది లోడింగ్ ఫీజు చూసి తేల్చుకోవద్దు. ఆ ఫీజు ఉన్నచోట కూడా మహా అయితే వంద, రెండు వందల రూపాయలు. అసలు డబ్బు పోయేది డాలరు రేటులో. అది ఫీజుల పట్టికలో కనిపించదు కాబట్టి చాలామంది దాని గురించి అడగరు.

లెక్క తేలిగ్గా ఉండడానికి, ఈరోజు గూగుల్‌లో డాలరు 90 రూపాయలు చూపిస్తోందనుకుందాం. అది మార్కెట్ మధ్య రేటు, ఆ రేటుకు మనకెవరూ డాలర్లు అమ్మరు. మీ బ్యాంకు ‘జీరో లోడింగ్ ఫీజు’ అంటూ డాలరుకు 92.50 వేసిందనుకోండి. 2,000 డాలర్లకు 1,85,000 రూపాయలు. దీనిపై కరెన్సీ మార్పిడి జీఎస్టీ ఉంటుంది. లక్ష నుంచి పది లక్షల మధ్య అయితే మొదటి లక్షకు 180 రూపాయలు, ఆపైన ఉన్న మొత్తంపై 0.09 శాతం. అంటే ఇక్కడ సుమారు 256 రూపాయలు. మొత్తం 1,85,256.

పక్క వీధిలో ఇంకొకరు కార్డుకు 300, లోడింగ్‌కు 100, ఈ రెండింటి మీద జీఎస్టీ 72 తీసుకుంటున్నారు, కానీ డాలరుకు 91.10 వేస్తున్నారనుకోండి. డాలర్ల ఖరీదు 1,82,200, మార్పిడి జీఎస్టీ సుమారు 254, ఫీజులు 472. కలిపితే 1,82,926. ఫీజులు తీసుకున్న చోటే మీకు 2,330 రూపాయలు మిగిలింది.

ఇప్పుడు మీ అన్నయ్య మాట చూద్దాం. డెబిట్ కార్డు గీసినప్పుడు వీసా లేదా మాస్టర్‌కార్డ్ తమ రేటుతో రూపాయల్లోకి మారుస్తాయి. ఆ రేటు సాధారణంగా మార్కెట్‌కు దగ్గరగానే ఉంటుంది. దాని మీద మీ బ్యాంకు మార్కప్ పేరుతో కొంత శాతం అదనంగా వేస్తుంది, ఆ మార్కప్ మీద 18 శాతం జీఎస్టీ పడుతుంది. మన బ్యాంకుల్లో మార్కప్ ఎక్కువగా 2 నుంచి 3.5 శాతం మధ్య ఉంటుంది. 3.5 శాతమైతే 1,80,000 రూపాయల ఖర్చుకు 6,300 మార్కప్, 1,134 జీఎస్టీ. మొత్తం 1,87,434. పై రెండు కార్డులకన్నా ఇదే ఖరీదు.

కానీ మీ డెబిట్ కార్డు మార్కప్ 2 శాతమే అయితే మొత్తం 1,84,248 అవుతుంది. అంటే బ్యాంకువాళ్లు చెప్పిన ‘జీరో ఫీజు’ ఫారెక్స్ కార్డు కన్నా వెయ్యి రూపాయలు చవక! కాబట్టి మీ అన్నయ్య మాటను కొట్టిపారేయలేం. డెబిట్ కార్డు మార్కప్ శాతాన్ని 1.18తో గుణించండి. ఫారెక్స్ కార్డు రేటు గూగుల్ రేటు కన్నా ఎంత శాతం ఎక్కువ ఉందో లెక్కేసి, రెండూ పక్కపక్కన పెట్టి చూడండి. మార్కప్ అసలే లేని డెబిట్ కార్డులు కూడా ఇప్పుడు కొన్ని ఉన్నాయి. మీ దగ్గరున్నది అలాంటిదైతే షాపుల్లో గీయడానికి దాన్ని మించింది లేదు.

బ్యాంకుకు వెళ్లినప్పుడు ‘రేటెంత, ఫీజెంత’ అని విడివిడిగా అడగొద్దు. ‘నా కార్డులో సరిగ్గా 2,000 డాలర్లు పడాలంటే, పన్నులతో సహా నా ఖాతాలోంచి ఎన్ని రూపాయలు పోతాయి?’ అని అడగండి. అదే రోజు, అదే పూట మరో రెండు చోట్ల ఇదే మాట అడగండి. రేటు గంటగంటకూ మారుతుంది కాబట్టి నిన్నటి కోట్‌తో ఇవాళ్టిది పోల్చకూడదు. శని, ఆదివారాల్లో మార్కెట్ మూసి ఉంటుంది, అప్పుడు రేటులో ఇంకాస్త తేడా పెట్టుకునేవాళ్లుంటారు. పనిదినం మధ్యాహ్నం వెళ్లడం మంచిది.

ఏటీఎం దగ్గర లెక్క వేరుగా ఉంటుంది. డెబిట్ కార్డుతో విదేశీ ఏటీఎంలో తీస్తే చాలా బ్యాంకులు ఒక్కోసారికి 125 రూపాయలు, దానిపై జీఎస్టీ వసూలు చేస్తాయి. మార్కప్ ఎలాగూ ఉంటుంది. ఫారెక్స్ కార్డుతో తీసినా సాధారణంగా 2 డాలర్ల దాకా పడుతుంది. వీటికి తోడు అమెరికాలో ఏటీఎం యజమాని తన ఫీజు తాను తీసుకుంటాడు, అది 3 డాలర్లున్నా, మార్కప్ 3.5 శాతమైతే డెబిట్ కార్డుతో తీసిన 20 డాలర్లకు మీకు దాదాపు 500 రూపాయల ఖర్చు. అందుకే చిన్న నోట్ల కోసం ఏటీఎంకు వెళ్లొద్దు. రెండు మూడు వందల డాలర్లు ఇక్కడే నగదుగా తీసుకెళ్లండి. ఒక ప్రయాణానికి 3,000 డాలర్ల వరకు నగదు తీసుకోవచ్చు కాబట్టి ఇబ్బంది లేదు. కాకపోతే ఫారెక్స్ కొనేటప్పుడు నగదు రూపాయలు 50,000 వరకే తీసుకుంటారు, ఆపైన ఖాతా నుంచి చెల్లించాలి.

దుబాయ్ సంగతి. దిర్హమ్ డాలరుకు 3.6725 చొప్పున కట్టేసి ఉంటుంది, ఏళ్ల తరబడి మారలేదు. అయినా డాలర్ల కార్డుతో దిర్హమ్‌లలో చెల్లిస్తే క్రాస్ కరెన్సీ ఛార్జీ పడుతుంది. రేటు కదలకపోయినా ఈ ఛార్జీ తప్పదు. మీరు 200 దిర్హమ్‌లు ఖర్చు పెడితే అది సుమారు 54 డాలర్లు. 3.5 శాతం ఛార్జీ, పన్ను కలిపి రెండు డాలర్ల పైచిలుకు, అంటే 200 రూపాయలు. ఉండేది బాబాయి వాళ్లింట్లో కాబట్టి దీనికోసం విడిగా దిర్హమ్‌లు లోడ్ చేయించొద్దు. మిగిలిపోయిన దిర్హమ్‌లను మళ్లీ డాలర్లలోకి మార్చితే మరోసారి నష్టపోతారు. అదే రెండు వారాలు అక్కడ తిరిగే పర్యాటకులకైతే దిర్హమ్‌లే లోడ్ చేయించుకోమంటాను.

అక్కడి షాపులో జాగ్రత్త పడాల్సిన క్షణం ఒకటుంది. కార్డు పెట్టగానే మెషీన్ స్క్రీన్ మీద `AED` ఒక పక్క, `INR` ఒక పక్క కనిపించి ఏదో ఒకటి నొక్కమంటుంది. రూపాయలు చూడగానే మనవాళ్లకు ధైర్యంగా ఉంటుంది, అదే నొక్కేస్తారు. అలా నొక్కితే ఆ మెషీన్ తన సొంత రేటుతో దిర్హమ్‌ను రూపాయల్లోకి మారుస్తుంది. డాలర్ల కార్డు అయితే ఆ రూపాయలు మళ్లీ డాలర్లలోకి మారి, క్రాస్ కరెన్సీ ఛార్జీ కూడా పడుతుంది. ఎప్పుడూ ఆ దేశపు కరెన్సీనే నొక్కండి. క్యాషియర్ మిమ్మల్ని అడక్కుండానే నొక్కేస్తే, బిల్లు మీద `INR` కనిపించిన వెంటనే రద్దు చేసి మళ్లీ కొట్టమనండి. ఆ హక్కు మీకుంది.

ఇక భద్రత. డెబిట్ కార్డును వెనక్కి పెట్టమనడానికి నా అసలు కారణం ఇదే. చాలా విదేశీ వెబ్‌సైట్లు ఓటీపీ అడగవు. కార్డు నంబరు, గడువు తేదీ, వెనకున్న మూడంకెలు చాలు, డబ్బు పోతుంది. అది అమ్మానాన్నలు ఫీజు కోసం పెట్టిన పొదుపు ఖాతాకు కట్టిన డెబిట్ కార్డైతే నష్టం ఎంతైనా కావచ్చు. ఫారెక్స్ కార్డులో పోయేది లోడ్ చేసిన మేరకే. అందుకని డెబిట్ కార్డు ఖాతాలో 20, 25 వేలకు మించి ఉంచకండి. ఇంకో సంగతి, రిజర్వ్ బ్యాంకు 2020లో తెచ్చిన నిబంధన ప్రకారం కొత్త కార్డుల్లో అంతర్జాతీయ వాడకం మొదట ఆపేసి ఉంటుంది. యాప్‌లో మీరే ఆన్ చేసుకుని, రోజువారీ పరిమితి పెట్టుకోవాలి. ఇది విమానం ఎక్కకముందే చేసుకోండి, లేకపోతే ఓటీపీ వచ్చే సిమ్ అక్కడ పనిచేయక టెన్షన్ పడతారు.

ఫారెక్స్ కార్డు అన్నిచోట్లా సాఫీగా నడవదు. ప్రీపెయిడ్ కార్డు అనగానే అద్దె కార్లవాళ్లు చాలామంది వద్దంటారు, కొన్ని పెట్రోలు బంకు మెషీన్లూ తిప్పికొడతాయి. హోటల్లో అడ్వాన్సుగా కొంత మొత్తాన్ని ‘హోల్డ్’ చేస్తారు, అది ఖర్చు కాకపోయినా తిరిగి రావడానికి రోజులు పడుతుంది. ఒక ప్రయాణంలో నాకే 150 డాలర్లు అలా పద్దెనిమిది రోజులు ఇరుక్కున్నాయి. హోటలు వదిలేశామంది, కార్డు కంపెనీ రాలేదంది. కార్డులో మిగిలింది తక్కువ కావడంతో చివరి మూడు రోజులు లెక్కపెట్టుకుని తిన్నాను. అప్పటి నుంచి హోటల్ అడ్వాన్సుకు ఫారెక్స్ కార్డు ఇవ్వడం మానేశాను.

మీకు 2,000 డాలర్లు సరిపోతాయి, అంతకు మించి లోడ్ చేయించొద్దు. పాస్‌పోర్టు, యూనివర్సిటీ ఇచ్చే ఐ-20 పత్రం చూపించి అక్కడ బ్యాంకు ఖాతా తెరిచేదాకానే ఈ కార్డు అవసరం. ఆ తర్వాత ఇంటి నుంచి నేరుగా ఆ ఖాతాకే పంపిస్తే మేలు. యూనివర్సిటీ ఫీజు ఈ కార్డుతో కట్టకండి, కార్డుతో కడితే చాలా యూనివర్సిటీలు అదనంగా 3 శాతం దాకా తీసుకుంటాయి. లోడ్ చేయించేటప్పుడు ఫారంలో ప్రయాణ కారణం దగ్గర ‘విదేశీ చదువు’ అనే ఉండాలి, పర్యటన అని కాదు. ఒక ఆర్థిక సంవత్సరంలో పంపినవన్నీ కలిపి పది లక్షలు దాటితే టీసీఎస్ అనే ముందస్తు పన్ను పడుతుంది, చదువుకు ఆ శాతం బాగా తక్కువ.

ఫారెక్స్ కార్డు ఇండియాలో పనిచేయదు కాబట్టి ఇక్కడి ఏటీఎంలో పెట్టి పరీక్షించుకునే వీలు లేదు. పిన్ పెట్టుకుని, యాప్‌లో డాలర్లు కనిపిస్తున్నాయో లేదో చూసుకోండి. కిట్‌లో రెండో కార్డు ఇస్తారేమో అడిగి తీసుకోండి. ఒకటి పర్సులో, ఇంకొకటి చేతిసంచిలో పెట్టుకోండి, రెండూ ఒకేచోట వద్దు.