యాప్ చూపిన -4 ని లిమిట్‌గా ఎందుకు పెట్టకూడదు?

సందేహం: సార్, x² + y² = 8 వృత్తం లోపల, y² = 2x పరావలయం లోపల ఉన్న భాగం వైశాల్యం కావాలి. యాప్‌లో వేస్తే x = 2, x = -4 అని వచ్చింది. -4 నుంచి 2 దాకా ఇంటిగ్రేట్ చేయమంటే ఎర్రర్. 0 నుంచి 2 అంటే 2.475. చేత్తో స్టెప్స్ రాసి కాలిక్యులేటర్‌లో కొడితే 361. పుస్తకంలో 2π + 4/3 ఉంది. యాప్ స్టెప్స్ చూపించాలంటే డబ్బు కట్టమంటోంది. ఫ్రెండ్ దాని మోడ్ ఫైల్ పంపాడు. అమ్మ ఫోన్‌లో వేసుకోవచ్చా?
– ఇంటర్ సెకండియర్ విద్యార్థి

జవాబు: పుస్తకం సరిగ్గానే ఉంది. యాప్ కూడా లెక్క తప్పలేదు, సగం చెప్పి ఊరుకుంది. y² స్థానంలో 2x పెడితే x² + 2x - 8 = 0 వస్తుంది, దాని మూలాలు 2, -4. కానీ ఖండన బిందువు అంటే x ఒక్కటే కాదు, దాని y కూడా ఉండాలి. x = 2 దగ్గర y² = 4, కాబట్టి (2, 2), (2, -2) దొరికాయి. x = -4 దగ్గర y² = -8 అవుతుంది. అలాంటి వాస్తవ సంఖ్య లేదు. బొమ్మ గీసినా ఇదే తెలుస్తుంది. ఈ పరావలయం y-అక్షానికి ఎడమవైపు అసలు ఉండదు. వృత్తం వ్యాసార్ధం 2√2, అంటే 2.83 దగ్గర, కాబట్టి అదీ -4 దాకా చేరదు. రెండు వక్రాల్లో ఏదీ లేని చోటును మీరు లిమిట్‌గా ఇచ్చారు.

నాకు కోపం వచ్చేది ఇక్కడే. రెండు సమీకరణాలు తీసుకున్న యాప్ జవాబుగా బిందువులు చూపించాలి, x విలువలు మాత్రమే చూపించి వదిలేయకూడదు. -4 పక్కన ‘ఇక్కడ y వాస్తవం కాదు’ అని ఒక చిన్న ముక్క రాయడానికి ఎంత కష్టం? అదే కంప్లైంట్ నాకు మళ్లీ మళ్లీ వస్తోంది. రంగులు, థీమ్‌లు మార్చే అప్‌డేట్‌లు మాత్రం ఆగకుండా వస్తున్నాయి. పైథాన్ తెలిసినవాళ్లు ఇలా చూసుకోవచ్చు:

```
from sympy import symbols, solve, integrate, sqrt
x, y = symbols('x y', real=True)
print(solve([x**2 + y**2 - 8, y**2 - 2*x], [x, y]))
print(integrate(sqrt(8 - y**2) - y**2/2, (y, -2, 2)))
```

real=True అని చెప్పినందుకే రెండు బిందువులు వస్తాయి. అది తీసేస్తే నాలుగు వస్తాయి, వాటిలో రెండింటిలో I కనిపిస్తుంది. ఆ I ఉన్న బిందువులు గ్రాఫ్ మీద ఉండవు.

-4 పెట్టినప్పుడు ఎర్రర్ రావడం మీ అదృష్టం. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ 2.475. ఎర్రర్ లేదు, హెచ్చరిక లేదు, నీట్‌గా ఒక సంఖ్య. ‘పై వక్రం’ దగ్గర వృత్తం √(8 - x²), ‘కింది వక్రం’ దగ్గర పరావలయం √(2x) ఇచ్చి ఉంటారు. యాప్ మొదటిదాంట్లోంచి రెండోది తీసేసి 0 నుంచి 2 దాకా కలిపింది. అలా వచ్చేది π - 2/3. అది y-అక్షానికీ పరావలయానికీ మధ్య, పరావలయానికి పైన ఉండే ముక్క. మీకు కావలసింది దాని కిందిది.

కాగితం మీద బొమ్మ గీసి, మొదటి పాదంలో పెన్సిల్‌ను మూలబిందువు నుంచి కుడివైపు జరపండి. x = 2 వచ్చేదాకా మీ భాగానికి పైకప్పు పరావలయం. (2, 2) దగ్గర వృత్తం దాన్ని ఖండిస్తుంది, అక్కడి నుంచి 2√2 దాకా పైకప్పు వృత్తం. నేల మొత్తం x-అక్షమే. కాబట్టి ఇంటిగ్రల్ రెండు ముక్కలు. 0 నుంచి 2 దాకా √(2x) కి 8/3 వస్తుంది. 2 నుంచి 2√2 దాకా √(8 - x²) కి π - 2. కలిపితే π + 2/3. కింది సగం కూడా ఇంతే కాబట్టి రెట్టింపు చేస్తే 2π + 4/3, సుమారు 7.62. ఈ 2√2 ఖండన బిందువు కాదని గమనించండి. అది వృత్తం x-అక్షాన్ని దాటే చోటు. లిమిట్స్ అన్నీ ఖండన బిందువుల నుంచే రావాలనుకుని దీన్ని వదిలేసేవాళ్లు చాలామంది.

ఈ ముక్కలు చేసే టెన్షన్ వద్దనుకుంటే y వైపు నుంచి చూడండి. అడ్డంగా గీత గీస్తే ఎడమ చివర ఎప్పుడూ పరావలయం x = y²/2, కుడి చివర ఎప్పుడూ వృత్తం x = √(8 - y²). మధ్యలో మారదు. లిమిట్స్ -2 నుంచి 2, అవి నేరుగా ఖండన బిందువుల y విలువలే. పై కోడ్‌లో రెండో లెక్క అదే. ఒక్క ఇంటిగ్రల్‌తో పని అయిపోతుంది. నేనైతే ఈ లెక్కను ఇలాగే చేస్తాను.

361 కి కారణం వేరు. మీ స్టెప్స్ సరైనవే, కాలిక్యులేటర్ డిగ్రీ మోడ్‌లో ఉంది. sin⁻¹(1/√2) కి అది π/4 బదులు 45 ఇచ్చింది, sin⁻¹(1) కి 90 ఇచ్చింది. ఇంటిగ్రేషన్ సూత్రంలో కోణం రేడియన్లలోనే ఉండాలి. స్క్రీన్ పైన D ఉంటే R కి మార్చి మళ్లీ కొట్టండి. మోడ్ సంగతి గుర్తు రాకపోయినా 361 తప్పని పట్టుకోవచ్చు. వృత్తం మొత్తం వైశాల్యమే 8π, అంటే 25.13. దానిలోని ఒక భాగం 361 ఎలా అవుతుంది?

ఇక మోడ్ ఫైల్. వేయకండి. ఫ్రెండ్ మంచివాడే కావచ్చు, కానీ ఆ ఫైల్‌ను తయారు చేసింది అతను కాదు. డబ్బు కట్టకుండా నడిచేలా యాప్‌ను విప్పి మళ్లీ కట్టినవాడు లోపల ఇంకేం పెట్టాడో ఇద్దరికీ తెలియదు. లెక్క ఫొటో తీసే యాప్‌కు కెమెరా కావాలి, అంతే. మెసేజ్‌లు చదివే అనుమతి ఇస్తే దానికి మీ ఓటీపీలు కనిపిస్తాయి. యాక్సెసిబిలిటీ అనుమతి ఇస్తే స్క్రీన్ మీద ఉన్నది చదవగలదు, మీ బదులు బటన్లు నొక్కగలదు. అమ్మ ఫోన్‌లో బ్యాంకు యాప్, యూపీఐ ఉంటాయి. ఇంటి డబ్బంతా ఆ ఫోన్‌లోనే ఉన్నట్టు లెక్క.

ఇప్పటికే వేసి ఉంటే ముందు ఇంటర్నెట్ ఆపండి. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ కింద ఆ యాప్ పేరు ఉంటే ఆఫ్ చేసి, తర్వాత అన్ఇన్‌స్టాల్ చేయండి. తెలియని యాప్‌లు ఇన్‌స్టాల్ చేసే అనుమతి ఏ యాప్‌కు ఇచ్చి ఉన్నారో చూసి అదీ తీసేయండి. సిమ్‌ను వేరే ఫోన్‌లో వేసి యూపీఐ పిన్, బ్యాంకు పాస్‌వర్డ్ అక్కడి నుంచి మార్చుకోమని అమ్మకు చెప్పండి. తిడుతుందని దాచొద్దు. ఖాతాలో తెలియని కోత ఏదైనా కనిపిస్తే ఆ నిమిషమే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930 కి ఫోన్ చేయండి.