గొంతు నాదే, మరి రికార్డింగ్ ఎవరిది?

ప్రశ్న: లాయర్ గారూ, మాది హనుమకొండ. టీచర్‌గా రిటైరై ఆడియో కథలు చదువుతున్నాను. ఒక సంస్థ కోసం 12 అధ్యాయాల నవల ఒప్పుకొని 8 చదివాను. ఇప్పుడు గొంతు బాగాలేదు, ఎక్కువ మాట్లాడొద్దని డాక్టర్ అన్నారు. పాత రికార్డింగులతో నా గొంతును క్లోన్ చేసి మిగతా 4 అధ్యాయాలు పూర్తి చేద్దామని ఆలోచన. నా గొంతే కదా, ఎవరినైనా అడగాలా? వినేవాళ్లకు చెప్పాలా?

జవాబు: అమ్మా, గొంతు మీదే. కానీ ఆ 8 అధ్యాయాల రికార్డింగ్ మీది కాకపోవచ్చు. కాపీరైట్ చట్టం ప్రకారం రికార్డింగుకు మొదటి హక్కుదారు నిర్మాత, అంటే చొరవ, బాధ్యత తీసుకుని ఆ పని చేయించినవాళ్లు. మీ విషయంలో బహుశా ఆ సంస్థే. వాళ్లను అడగకుండా ఆ ఫైళ్లను క్లోనింగ్ సాఫ్ట్‌వేర్‌లోకి ఎక్కిస్తే, మీ గొంతే అయినా వాళ్ల ఆస్తిని కాపీ చేసినట్టు అవుతుంది. పాత ఒప్పందం తీసి చూడండి. అంతకన్నా తేలిక దారి, గొంతు సహకరించిన రోజు ఇంట్లో రోజుకు ఐదు పది నిమిషాల చొప్పున కొత్తగా రికార్డు చేసుకోవడం. వేరేవాళ్ల రచన కాకుండా మీరు సొంతంగా రాసుకున్నదే చదవండి. మధ్యలో మనవరాలి మాటో, వెనక పాటో ఉంటే ఆ ముక్క తీసేయండి. మీ అనుమతి మీ గొంతుకే చెల్లుతుంది.

ఇక చాలామందికి తట్టని సంగతి ఒకటుంది. చదివిన మనిషికి చట్టం ప్రదర్శనకారుల హక్కులు ఇస్తుంది, అవి 50 ఏళ్లు ఉంటాయి. అయితే ప్రదర్శన అంటే మనిషి ప్రత్యక్షంగా చేసినదని చట్టంలోనే రాసి ఉంది. మీరు చదివిన 8 అధ్యాయాలకు ఆ రక్షణ ఉంది. సాఫ్ట్‌వేర్ పలికిన 4 అధ్యాయాలు మీ ప్రదర్శన కాదని రేపు ఎదుటివాళ్లు వాదిస్తే, కొట్టిపారేయలేం. 2024 జులైలో గాయకుడు అరిజీత్ సింగ్ కేసులో, అనుమతి లేకుండా గొంతును క్లోన్ చేయడం వ్యక్తి హక్కులకు భంగమని బొంబాయి హైకోర్టు మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. అది మీకూ బలమే, కానీ ఆయన దేశమంతా తెలిసిన మనిషి. మీలాంటి వారికి అసలు రక్షణ రాసుకున్న కాగితమే. అందుకే పని మొదలుపెట్టక ముందే సంస్థతో ఇలా రాయించుకోండి:

"నా గొంతు నమూనాను ఈ నవల 9 నుంచి 12 అధ్యాయాలకే వాడాలి. వేరే రచనకు, ప్రకటనకు, ఎన్నికల ప్రచారానికి వాడరాదు, ఇతరులకు ఇవ్వరాదు. నేను విని ఒప్పుకున్నాకే విడుదల చేయాలి. విడుదలైన 30 రోజుల్లో నమూనాను తొలగించి నాకు రాతపూర్వకంగా తెలపాలి. పారితోషికం నేను చదివిన అధ్యాయాలకు ఇచ్చినంతే."

వీలైతే సాఫ్ట్‌వేర్ ఖాతా మీ పేరున, మీ ఫోన్ నంబరుతోనే తెరవండి. ఆ కంపెనీ షరతుల్లో మీ గొంతుపై వాళ్లకు శాశ్వత హక్కు రాసి ఉంటే ఆ సాఫ్ట్‌వేర్ వద్దు. నవల రచయిత ఒప్పుకోలు కూడా సంస్థ తీసుకోవాలి. మనిషి చదువుతారనే నమ్మకంతో ఆయన హక్కులిచ్చి ఉండవచ్చు.

వినేవాళ్లకు చెప్పాలా అంటే, చెప్పాలి. 2026 ఫిబ్రవరి 20 నుంచి అమల్లో ఉన్న ఐటీ నియమాల సవరణ ప్రకారం, కంప్యూటరు సృష్టించిన అసలులాంటి ఆడియోకు మొదట్లోనే ఆ సంగతి వినిపించాలి. పెద్ద సోషల్ మీడియా వేదికలు అప్‌లోడ్ చేసేవారి నుంచి ఆ ప్రకటన అడగాలి. పాత రికార్డింగులో ఫ్యాన్ చప్పుడు తగ్గించడం వంటి మామూలు ఎడిటింగ్ దీని కిందికి రాదు. తొమ్మిదో అధ్యాయం మొదట్లో మీ అసలు గొంతుతోనే, "ఇక్కడి నుంచి నా అనుమతితో కంప్యూటరు తయారుచేసిన నా గొంతు వింటారు" అనండి. మిగతా మూడింటి మొదట్లోనూ ఉండాలి, ఎందుకంటే వినేవారు నేరుగా పదకొండో అధ్యాయం తెరవవచ్చు.

"నేను విని ఒప్పుకున్నాకే" అన్న షరతును వదులుకోవద్దు. ఈ క్లోన్‌లు తెలుగులో తప్పే చోట్లు ఉన్నాయి. దీర్ఘం పోతే "పాట" కాస్తా "పట" అవుతుంది. ళ, ల కలిసిపోతాయి. "యాడికి పోయిండు" అన్న మన మాటకు వేరే ప్రాంతపు యాస పడుతుంది. అంకెలు ఇంగ్లిషులో చదివే ప్రమాదం ఉంది కాబట్టి అక్షరాల్లో రాసి ఇవ్వండి. నమూనా రికార్డింగులో గది ప్రతిధ్వని ఉంటే క్లోన్‌కూ అదే అంటుకుంటుంది. మొదట ఒక్క పేజీ చేయించి, పుస్తకం చేతిలో పెట్టుకుని వినండి, తప్పులకు పెన్సిల్ గీత పెట్టండి. ఏడుపు, కోపం ఉన్న సంభాషణల్లో గొంతు చప్పగా అనిపిస్తే ఆ నాలుగు వాక్యాలూ డాక్టర్ ఒప్పుకున్న రోజు మీరే చదివి అతికించమనండి. ఆ వీలు కోసం గడువు రెండు నెలలు పెంచమని అదే ఒప్పందంలో అడగండి.