ఎన్‌టీ మామూలే, రిపోర్టులో మాత్రం ‘హై రిస్క్’

ప్రశ్న: నాకు 34 ఏళ్లు, 12వ వారం. స్కానులో ఎన్‌టీ 1.9 మి.మీ., బాగానే ఉందన్నారు. డబుల్ మార్కర్ రిపోర్టులో మాత్రం డౌన్ సిండ్రోమ్‌కు 1:140, హై రిస్క్ అని ఉంది. బిడ్డకు జబ్బు ఉన్నట్టేనా?

కాదు. మీలాంటి ఫలితమే వచ్చిన 140 మంది తల్లులను వరుసగా నిలబెడితే, 139 మంది బిడ్డలకు డౌన్ సిండ్రోమ్ ఉండదు. చాలా ల్యాబులు 1:250 దగ్గర గీత గీస్తాయి. ముప్పు అంతకంటే ఎక్కువైతే ఎర్ర అక్షరాలు పడతాయి, అంతే.

ఎన్‌టీ అంటే బిడ్డ మెడ వెనుక చర్మం కింద చేరే నీటిపొర మందం. మీది మామూలే. అయినా లెక్కలో మీ వయసు, రక్తంలోని రెండు పదార్థాలు కూడా కలుస్తాయి. పాప్-ఎ తగ్గి, బీటా హెచ్‌సీజీ పెరిగితే అంకె ఇలా మారుతుంది. ముందు రిపోర్టు పైభాగం చూడండి: స్కానులో కొలిచిన బిడ్డ పొడవు, మీ బరువు, ఐవీఎఫ్ అయితే ఆ వివరం సరిగా ఎక్కించారా? గర్భం ఎన్నో వారమో తప్పుగా పడినా లెక్క మొత్తం తప్పుతుంది.

వివరాలు సరిగ్గానే ఉంటే తర్వాతి మెట్టు ఎన్‌ఐపీటీ, అంటే మీ రక్తంలో కలిసే బిడ్డ వైపు డీఎన్‌ఏ ముక్కలను చూసే రక్తపరీక్ష. డబుల్ మార్కర్ కన్నా చాలా కచ్చితం, కానీ అదీ వడపోత పరీక్ష మాత్రమే. ఖాయంగా చెప్పేది మాయ నుంచి ముక్క తీసే సీవీఎస్, లేదా 15 వారాలు నిండాక చేసే ఉమ్మనీటి పరీక్ష. వాటితో గర్భస్రావం ముప్పు స్వల్పంగా ఉంటుంది. గర్భం కొనసాగించాలా వద్దా అన్నది ఎన్‌ఐపీటీ కాగితం మీద మాత్రం తేల్చుకోవద్దు.

ఎన్‌టీ 3.5 మి.మీ. లేదా అంతకు మించితే కథ వేరు: క్రోమోజోములు బాగున్నా బిడ్డ గుండెను విడిగా స్కాన్ చేయించాలి.