అత్తయ్య దింపితే ఏడవడు, నేను దింపితే ఏడుస్తాడు

*మాది నెల్లూరు. ఉద్యోగాల కోసం బెంగళూరు వచ్చి మారతహళ్లిలో ఉంటున్నాం. బాబుకి మూడున్నరేళ్లు. జూన్‌లో నర్సరీలో వేశాం. నేను ఆఫీసుకి వెళ్లే మూడు రోజులూ అత్తయ్యే దింపుతారు. క్లాసు మొదలవకముందే తీసుకెళ్లి ఉయ్యాల దగ్గర కూర్చోబెట్టి, వాడు అటు తిరగ్గానే వచ్చేస్తారు. ఏ గొడవా ఉండదు. ఇంటి నుంచి పనిచేసే రెండు రోజులూ నేను వెళ్తాను. ఆ రోజుల్లో చున్నీ పట్టుకుని వదలడు. వాళ్ల టీచరేమో గుమ్మం దగ్గర చిన్న పీట వేసుకుని కూర్చుని, ప్రతి పిల్లాడినీ పేరుపెట్టి పలకరించి, నమస్తేనా, చప్పట్లా అని అడిగి లోపలికి పంపుతుంది. వెక్కి వెక్కి ఏడ్చే పిల్లాడి దగ్గర ఈ తతంగం ఏమిటండీ? నన్ను గుమ్మం దాటనివ్వదు. రోజూ అత్తయ్యనే దింపమననా, స్కూల్ మార్చేయనా?*
*— ఒక తల్లి, బెంగళూరు*

స్కూల్ మార్చొద్దు. అలా గుమ్మం దగ్గర కూర్చునే టీచర్ దొరికినందుకు సంతోషించండి. ఇక రెండో మాట. మీ అత్తగారు దింపిన రోజు గొడవ లేదంటున్నారు కానీ, ఆ గొడవే మీరు దింపే రోజుకి వాయిదా పడుతోంది.

మీరు తతంగం అంటున్నదాన్ని వాడి వైపు నుంచి చూడండి. నిద్ర లేపింది మీరు, పాలు తాగించింది మీరు, బూట్లు తొడిగింది మీరు. పొద్దుటి నుంచీ వాణ్ణి ఎవరూ ఏదీ అడగలేదు. గుమ్మం దగ్గర మొదటిసారి ఒక పెద్దావిడ వాడి కళ్లకి సమానంగా కూర్చుని, పేరుపెట్టి పిలిచి, నీకేం కావాలో నువ్వే చెప్పు అంటోంది. నమస్తే పెడతాడో, చప్పట్లు కొడతాడో, దగ్గరికొస్తాడో, దూరం నుంచే చెయ్యి ఊపుతాడో వాడిష్టం. ఇందులో భాషతో పెద్దగా పని లేకపోవడం ఇంకో లాభం. ఇంట్లో తెలుగు తప్ప వినని పిల్లాడికి కన్నడమూ ఇంగ్లీషూ కలిసిన క్లాసు కొత్తే, కానీ చేతులు జోడించడం వాడికి తెలుసు. ఆ తర్వాత బూట్లు విప్పి అరలో పెట్టాలి, తన బొమ్మ అంటించిన కొక్కేనికి బ్యాగ్ తగిలించాలి. చేతులకి పని దొరికితే ఏడుపు కాస్త నెమ్మదిస్తుంది.

వీటన్నిటికన్నా ముఖ్యమైనది, అక్కడ మీ చేతిలోంచి వాడి చెయ్యి నేరుగా ఆవిడ చేతిలోకి వెళ్లడం. ఎవరి దగ్గరా లేని క్షణం మధ్యలో ఉండదు. మిమ్మల్ని లోపలికి రానివ్వకపోవడం కూడా ఇందుకే. తల్లి గదిలోకి వస్తే అది మళ్లీ అమ్మ ఉండే చోటు అవుతుంది. ఇంకోసారి విడిపోవాలి, ఇంకోసారి ఏడవాలి.

ఉయ్యాల దగ్గర జరుగుతున్నది దీనికి సరిగ్గా తలకిందులు. వాడు తిరిగి చూసేసరికి నానమ్మ లేదు. మూడున్నరేళ్ల వాడికి దానివల్ల అర్థమయ్యేది ఒక్కటే: కళ్లు తిప్పితే మనవాళ్లు మాయమవుతారు. అందుకే మీతో వచ్చిన రోజు కళ్లూ తిప్పడు, చున్నీ వదలడు. మీ మీద ప్రేమ ఎక్కువై కాదు, మొండితనమూ కాదు, కాపలా కాస్తున్నాడు. నమ్మకం కుదరకపోతే టీచర్‌ని అడగండి, అత్తగారు దింపిన రోజున గుమ్మం దగ్గరికి వాణ్ణి ఎవరు తీసుకొస్తున్నారో, తొమ్మిదిన్నరకో పదికో ఏం చేస్తున్నాడో. నా అంచనా, మీకు వినబడని ఏడుపు ఒకటి అక్కడ ఉండే ఉంటుంది.

ఇప్పుడు అసలు విషయం. ఇదంతా మీకు లోపల తెలుసు. మీ అత్తగారికి చెప్పలేక స్కూల్ మీద పడ్డారు. సొంత ఇల్లు, అలవాటైన వీధి వదిలి మీ కోసం వచ్చి బిడ్డని చూస్తున్న మనిషికి ఇది తప్పని చెప్పడం ఎలాగని మీ బాధ. ఆ మొహమాటం మంచిదే. ఆవిడకి మీరు రుణపడి ఉన్నారు, నేనూ ఆ మాటే అంటాను. కానీ రుణపడి ఉన్నామని బిడ్డ నమ్మకాన్ని తాకట్టు పెట్టకూడదు. పైగా ఉత్తరం మొత్తంలో మీవారి ఊసే లేదు! ఆ చెప్పేదేదో కోడలు చెబితే ఆరోపణ అవుతుంది, కొడుకు చెబితే ఇంటి మాట అవుతుంది. "అమ్మా, వాడికి చెప్పకుండా రావద్దు, ఏడ్చినా సరే చెప్పే రా" అని ఆయనే అనాలి. ఆవిడ చేసింది మోసం అని కాదు, మనవడి కళ్లనీళ్లు చూడలేక తప్పుకుంటోంది పాపం.

మాట అయ్యాక, ఎవరు దింపినా పద్ధతి ఒక్కటే. ఉయ్యాల ఆట మధ్యాహ్నం ఇంటికొచ్చేటప్పుడు. పొద్దున నేరుగా గుమ్మం దగ్గరికి. టీచర్ పలకరించాక ఒక ముద్దు, ఒకే మాట: "అన్నం బాక్స్ తిన్నాక అమ్మ వస్తుంది", అత్తగారైతే "నానమ్మ వస్తుంది". పన్నెండింటికి అంటే వాడికి తెలియదు, బాక్స్ తెలుసు. వాడి చెయ్యి ఆవిడ చేతిలో పెట్టి వెళ్లిపోండి. ఏడుస్తున్నా వెళ్లండి. కిటికీలోంచి తొంగిచూడొద్దు, చాక్లెట్ ఆశ పెట్టొద్దు. మామూలుగా తల్లి కనుమరుగయ్యాక ఐదు పది నిమిషాల్లో సర్దుకుంటారు. సర్దుకున్నాక ఒక మెసేజ్ పెట్టమని టీచర్‌ని అడగండి, మీ టెన్షనూ తగ్గుతుంది. "అమ్మ వస్తుంది" అన్న తెలుగు ముక్క ఆవిడకి నేర్పితే ఇంకా మంచిది.

మొదటి వారం ఏడుపు పెరుగుతుంది, భయపడి మళ్లీ ఉయ్యాల దగ్గరికి వెళ్లకండి. ఆ తర్వాత కూడా సోమవారాలు కష్టంగానే ఉంటాయి. జ్వరం వచ్చి మానేసినా, దసరా సెలవలకి నెల్లూరు వెళ్లొచ్చినా మళ్లీ మొదటికొచ్చినట్టు అనిపిస్తుంది, కానీ ఈసారి త్వరగా సర్దుకుంటాడు.

ఇంకొకటి. తల్లీబిడ్డల ఎడబాటు మీద ప్రయోగాలు చేసిన మేరీ ఎయిన్స్‌వర్త్, తల్లి వెళ్లేటప్పుడు బిడ్డ ఎంత ఏడ్చాడన్నదాని కన్నా తిరిగొచ్చినప్పుడు ఎలా దగ్గరికొచ్చాడన్నదే ముఖ్యంగా చూశారు. ఆవిడ చూసింది ఏడాది వయసు పసివాళ్లని. అయినా మీ ఉత్తరంలో మధ్యాహ్నం మాటే లేదు. తీసుకురావడానికి వెళ్లినప్పుడు పరిగెత్తుకొచ్చి, కాసేపు అతుక్కుని, మళ్లీ ఉయ్యాల వైపు లాగితే బెంగ లేదు. చెప్పిన వేళకి మాత్రం అక్కడ ఉండాలి. అందరూ వెళ్లిపోయాక చివర్న మిగిలితే పొద్దున చెప్పిన మాటకి విలువ పోతుంది.

ఇంత చేసినా నెల దాటాక కూడా క్లాసు జరిగినంతసేపూ ఏడుస్తున్నా, బాక్స్ ముట్టకపోయినా, మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలైనా పిల్లల డాక్టర్‌కి చూపించండి. ఫలానా మనిషిని చూస్తేనే బెదురుతుంటే నెల ఆగొద్దు, ఆ రోజే స్కూల్లో అడగండి.

ఈ ఉత్తరం ముందు మీవారికి చదవమని ఇవ్వండి.