చేదు బాదం విషమా? మరి మామూలు బాదం తొక్క?

ప్రశ్న: చేదు బాదం గింజలు విషమంటారు, నిజమేనా? అలాంటప్పుడు మనం తినే బాదం తొక్కతో సహా తినవచ్చా?

జవాబు: నిజమే. చేదు బాదంలో అమిగ్డలిన్ అనే పదార్థం ఉంటుంది. గింజ చెక్కుచెదరకుండా ఉన్నంతసేపూ అది కదలకుండా ఉంటుంది. నమిలినా, నూరినా గింజలోనే వేరే గదుల్లో ఉన్న ఎంజైములు దానితో కలుస్తాయి. అప్పుడు చక్కెర, ఘాటైన బాదం వాసననిచ్చే బెంజాల్డిహైడ్, వాటితోపాటు హైడ్రోజన్ సయనైడ్ పుడతాయి. పెద్దల సంగతి అటుంచితే, చిన్న పిల్లలకు పది గింజలలోపే ప్రాణం మీదికి రావచ్చు. తలనొప్పి, వాంతులు, ఆయాసం కనిపిస్తే వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

ఇక తొక్క. విచిత్రమేమిటంటే చేదు బాదంలో ఈ విషానికి ముడిసరుకు తయారయ్యేది ఆ పలుచని గోధుమరంగు పొరలోనే. ప్రూనసిన్ అనే ఆ సరుకు లోపలి పప్పులోకి చేరి అమిగ్డలిన్‌గా మారుతుంది. మనం తినే తీపి బాదంలో ఒక జన్యుమార్పు వల్ల ఆ తయారీకి కావలసిన జన్యువులు దాదాపు పనిచేయవు. అంటే తొక్కలోని కార్ఖానాయే మూతపడింది, కాబట్టి పప్పులోకి చేరేదీ నామమాత్రమే. ఈ పొర తల్లిచెట్టు కణజాలం గనుక, పరాగం ఎక్కడిదైనా తీపి చెట్టు కాయలన్నీ తీపిగానే ఉంటాయి.

తొక్కలో మిగిలిన వగరు టానిన్లది, సయనైడ్‌ది కాదు. నానబెట్టి తొక్క తీయడం రుచి కోసమూ, మెత్తదనం కోసమూ చేసే పని. పొట్లంలో ఒక గింజ విపరీతంగా చేదుగా తగిలితే మాత్రం మింగకుండా ఉమ్మేయండి.